కొత్త జీతగాళ్లకు హెచ్చరిక: ఏడు కంటే మూడున్నర పెద్దది

కొత్తగా ఉద్యోగంలో చేరి మొదటిసారి నెలనెలా కొంత దాచుకోవాలనుకుంటున్న వాళ్లు, ఈ నెల ఆర్‌డీ వాయిదా కట్టే ముందు ఒక పని చేయాలి. క్రెడిట్ కార్డు పాత బిల్లు తెరిచి, అందులో వడ్డీ పడిందో లేదో చూసుకోవాలి. పడి ఉంటే ఆ ఆర్‌డీని వెంటనే ఆపాలి. పొదుపు మొదలుపెట్టమని చెప్పాల్సిన చోట ఆపమంటున్నామేమిటని అనుకోవద్దు. కార్డు బాకీ ఉన్న మనిషి ఆర్‌డీలో వేసే ప్రతి రూపాయీ, సంపాదించే వడ్డీకి సుమారు ఏడింతలు మరో చేత్తో కట్టిస్తోంది.

పొరపాటు ఎక్కడ జరుగుతోందంటే, వడ్డీ రేటు నెలకో ఏడాదికో అడగకపోవడం దగ్గర. బ్యాంకువాళ్లు ఆర్‌డీకి 7 శాతం అంటారు. కార్డు కాగితం మీద 3.5 శాతం అని ఉంటుంది. ఏడు ముందు మూడున్నర చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఏడు ఏడాదికి, మూడున్నర నెలకు. ఏడాది లెక్కలోకి తెస్తే కార్డు వడ్డీ 42 శాతం. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నెలకు 4.13 శాతం పడుతుంది.

ఇక్కడే 72 లెక్క అక్కరకొస్తుంది. చక్రవడ్డీ మీద డబ్బు ఎన్నాళ్లకు రెట్టింపవుతుందో తెలియాలంటే 72ని వడ్డీ రేటుతో భాగించాలి. రేటు ఏడాదికైతే జవాబు ఏళ్లలో, నెలకైతే నెలల్లో వస్తుంది. 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పాచోలీ గణిత గ్రంథంలోనే ఈ సూత్రం ఉంది. నిక్కచ్చిగా లెక్కేస్తే రావాల్సిన అంకె 69.3 దగ్గర ఉంటుంది. అయినా 72నే పట్టుకోవడానికి కారణం, అది 2, 3, 4, 6, 8, 9, 12లతో శేషం లేకుండా భాగమవుతుంది, 8 శాతం చుట్టుపక్కల దాదాపు తప్పు పోదు. కార్డు మీదా, ఆర్‌డీ మీదా దీన్ని ప్రయోగించి చూడండి. ఆర్‌డీ రేటున డబ్బు రెట్టింపు కావాలంటే 72ని ఏడుతో భాగిస్తే పదేళ్ల పైచిలుకు. కార్డు వేగంతో పెరిగే బాకీకి 72ని 4.13తో భాగిస్తే పదిహేడు నెలల చిల్లర. మీ పొదుపు ఒకసారి రెట్టింపయ్యే లోపు ఆ వేగం బాకీని ఏడుసార్లు రెట్టింపు చేస్తుంది.

ఒక కుర్రాడి సంగతి లెక్కగా చూద్దాం. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికి వచ్చేది 34 వేలు. ఫోనూ, పండగ బట్టలూ, ఇంటికి పంపిన వాషింగ్ మెషీనూ కలిపి కార్డు మీద 60 వేల బాకీ. అద్దె, తిండి, ఇంటికి పంపేది పోగా అతని చేతిలో మిగిలేది 8 వేలు. బిల్లు మీద మినిమమ్ అమౌంట్ డ్యూ 3 వేలని ఉంది కాబట్టి అది కడుతున్నాడు. మిగతా 5 వేలతో ఆర్‌డీ మొదలుపెట్టాడు. బాధ్యతగానే ఉన్నానని అతని నమ్మకం. అలా అనుకోవడానికి కారణమూ ఉంది. మినిమమ్ కడితే లేట్ ఫీజు పడదు, సిబిల్ స్కోరు మీద డీఫాల్ట్ మచ్చ రాదు, బ్యాంకు నుంచి ఫోన్లు రావు. అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది.

మొదటి నెల చూడండి. 60 వేల మీద వడ్డీ 2,100, దాని జీఎస్టీ 378, మొత్తం 2,478 రూపాయలు. అతను కట్టిన 3 వేలలో బాకీకి జమైంది 522 రూపాయలే. అదే నెల ఆర్‌డీలో వేసిన 5 వేల మీద వచ్చిన వడ్డీ 29 రూపాయలు. ఆ 5 వేలూ కార్డుకే కట్టి ఉంటే మరుసటి నెల తప్పే భారం 206 రూపాయలు. పైన ఏడింతలన్నది ఈ లెక్కే.

ఏడాది ఇలాగే సాగిందనుకుందాం. కార్డు మీద కొత్తగా ఏమీ కొనలేదు, ప్రతి నెలా 3 వేలు తప్పకుండా కట్టాడు. మొత్తం 36 వేలు పోసినా బాకీ ఇంకా 52,100 దగ్గరే ఉంటుంది. ఆర్‌డీలో సుమారు 62,300 ఉంటాయి. అప్పు తీసేస్తే నికరంగా మిగిలేది 10 వేల పైచిలుకు. అదే 8 వేలూ ప్రతి నెలా కార్డుకే కట్టి ఉంటే తొమ్మిది నెలలకు బాకీ దాదాపు తీరిపోయేది, పదో నెలలో 1,300 కడితే చెల్లు. ఆ నెల మిగిలిన డబ్బూ, తర్వాతి రెండు నెలల 8 వేలూ కలిపి ఏడాది చివరికి 22,700 చేతిలో ఉండేవి, అప్పు లేకుండా. జీతం పెరగలేదు, ఖర్చు తగ్గలేదు. కట్టే వరస మారినందుకే 12 వేల పైచిలుకు తేడా.

నిజానికి జరిగేది ఇంతకంటే అధ్వానంగా ఉంటుంది. బాకీ పూర్తిగా కట్టని నెల నుంచి కార్డు మీద వడ్డీ లేని గడువు పోతుంది. ఆ తర్వాత కొన్న పాల ప్యాకెట్టు మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. చాలామందికి ఇది తెలియక, పాత బాకీ తీరుస్తున్నామనుకుంటూ అదే కార్డు గీకుతుంటారు. బిల్లులో ఫైనాన్స్ ఛార్జెస్ అనో ఇంటరెస్ట్ అనో ఒక వరస కనిపిస్తే మీరు ఈ ఉచ్చులో ఉన్నట్టే. మినిమమ్ మాత్రమే కడుతూ పోతే బాకీ తీరడానికి నెలలో ఏళ్లో పడుతుందని, వడ్డీ పెరుగుతుందని బిల్లు మీదే హెచ్చరిక ముద్రించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. కానీ సన్న అక్షరాల్ని చదివేవాళ్లు ఎందరు? వడ్డీకి హద్దు ఉంటుందన్న భరోసా కూడా పెట్టుకోవద్దు. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

నెల వడ్డీ మన ఊళ్లకు కొత్తేమీ కాదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని పెద్దవాళ్లకు తెలుసు. చెల్లెలి పెళ్లికో, విదేశీ చదువుకో ఇంట్లో లక్ష రూపాయల నోటు రాసి ఉంటే, దాని సంగతి కూడా పొదుపు ముందు కనుక్కోవాలి. ప్రామిసరీ నోటు మీద వడ్డీ మామూలుగా బారు వడ్డీయే. కానీ మూడేళ్లకు నోటుకు కాలదోషం పడుతుంది కాబట్టి తిరగరాస్తారు. అప్పుడు వడ్డీ అసల్లో కలుస్తుంది. లక్షకు మూడేళ్ల వడ్డీ 72 వేలు, కొత్త నోటు 1,72,000. మరో మూడేళ్లకు దాని మీద వడ్డీ 1,23,840. ఆరేళ్లలో లక్ష అప్పు మూడు లక్షలకు కాస్త తక్కువ. నోటు తిరగరాసే రోజున ఎంతో కొంత వడ్డీ కట్టేసి, పాత అసలుకే రాయించుకోవడం ఆ ఇంటికి ఏ ఆర్‌డీ కంటే మేలు చేస్తుంది.

ఇక రెండో ప్రమాదం. చేతిలో కొత్తగా డబ్బు ఆడుతున్న వాళ్ల దగ్గరికే రెట్టింపు స్కీములు వస్తాయి. ఆఫీసులో పక్క సీటు అన్నయ్యో, వాట్సాప్ గ్రూపో, ఏడాదిలో డబ్బు డబుల్ అంటారు. 72 లెక్క వెనక్కి తిప్పండి. పన్నెండు నెలల్లో రెట్టింపంటే 72ని 12తో భాగిస్తే ఆరు. నెలకు నూటికి ఆరు రూపాయల చక్రవడ్డీ. ఇప్పుడు తపాలా ఆఫీసుకు వెళ్లి చూడండి. కిసాన్ వికాస్ పత్రకు 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన రేటు 7.5 శాతం, రెట్టింపయ్యే గడువు 115 నెలలు. 72ని 7.5తో భాగిస్తే 9.6 ఏళ్లు, అంటే సరిగ్గా ఆ 115 నెలలే. ప్రభుత్వం తొమ్మిదిన్నరేళ్లు అడుగుతున్న పనిని ఏడాదిలో చేస్తాననేవాడు ఆ లాభం ఏ వ్యాపారంలో తెస్తాడో చెప్పాలి. అడిగితే మాట దాటేస్తాడు. ఎందుకంటే మొదటి రెండు నెలలు టంచనుగా వచ్చే డబ్బు మీ తర్వాత చేరినవాళ్లదే. స్నేహితుల్ని చేర్పిస్తే కమిషన్ ఇస్తామన్నా, డబ్బు తన సొంత యూపీఐకి వేయమన్నా అక్కడితో ఆగిపోవాలి. అనుమతి లేకుండా ఇలా డిపాజిట్లు తీసుకోవడం 2019 చట్టం కింద నేరం. రిజర్వు బ్యాంకు సచేత్ పోర్టల్‌లో సంస్థ పేరు కొట్టి చూసుకోవచ్చు, అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. ఆన్‌లైన్‌లో ఇప్పటికే డబ్బు పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

అప్పులన్నీ తీరి అసలైన పొదుపు మొదలుపెట్టినవాళ్లు కూడా ఈ సూత్రం హద్దు తెలుసుకోవాలి. ఇది ఒకేసారి వేసి కదపని డబ్బుకు చెప్పే లెక్క, నెలవారీ వాయిదాలకు కాదు. 7.2 శాతం మీద నెలకు 5 వేలు పదేళ్లు కడితే వేసిన 6 లక్షలు 12 లక్షలు కావు, సుమారు 8.7 లక్షలవుతాయి. మొదటి వాయిదాకే పదేళ్లు దొరికాయి, చివరిదానికి దొరికింది ఒక్క నెల. ఇది తెలియక నిరాశపడి మధ్యలో ఆపేసేవాళ్లున్నారు. నిజమైన పెరుగుదల రెండో పదేళ్లలో వస్తుంది, ఆ 8.7 లక్షలు ముట్టుకోకుండా ఉంటే. ఇక వడ్డీ రేటు బాగా పెద్దదైతే సూత్రం కొంచెం తప్పుతుంది. ఏడాదికి 36 శాతానికి రెండేళ్లని చెబుతుంది, ఏడాదికోసారి వడ్డీ కలిపే లెక్కన అసలు పట్టేది రెండేళ్ల మూడు నెలలు. ప్రమాదాన్ని గుర్తించడానికి ఆ తేడా అడ్డు కాదు.

కాబట్టి కార్డు బాకీ ఉన్నవాళ్లు ఈ రోజే ఆ కార్డు వాడకం మానేయండి. ఆర్‌డీ మొదలుపెట్టి ఉంటే రద్దు చేయండి. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, అది కార్డు వడ్డీ ముందు లెక్కలోకి రాదు. ఆపద కోసం పది వేలు పొదుపు ఖాతాలో ఉంచుకుని మిగతాదంతా కార్డుకు కట్టండి. ఒకేసారి కట్టలేకపోతే బాకీని తక్కువ వడ్డీ ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడగండి. మార్చే ముందు వడ్డీ నెలకా ఏడాదికా అని, ప్రాసెసింగ్ ఫీజు ఎంత అని రాతపూర్వకంగా తీసుకోండి. బిల్లులో టోటల్ అమౌంట్ డ్యూ మొత్తం కట్టి, ఆ తర్వాతి బిల్లులో వడ్డీ వరస సున్నా అయ్యాక ఆర్‌డీ మళ్లీ తెరవండి.