ఆ ట్యూబు తెచ్చింది నేనే

మా చెల్లెలికి 34 ఏళ్లు. కొండకల్‌లో అత్తగారిల్లు, ఇద్దరు పిల్లలు. మొన్న స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, "చేహ్రా ముందు ఎలా ఉండేదో పాత ఫోటో ఏదైనా ఉంటే చూపించండి" అన్నారాయన. చెల్లెలు ఫోన్ నా చేతికిచ్చింది. వెనక్కి జరుపుతూ పోయాను. పిల్లల ఈద్ ఫోటోలున్నాయి, మేనల్లుడి అఖీఖా ఉంది, మామూజాన్ కొడుకు వలీమా ఉంది. మూడేళ్లలో తను ఎక్కడా లేదు. "ఫోటోలు తీసేది నేనే కదా భయ్యా" అంది మెల్లగా. తీసేవాళ్లను ఎవరూ తీయరని తను ఎప్పుడో కనిపెట్టేసిందన్నమాట.

దావతుల్లో జనానా వైపు ఏం జరిగేదో ఆ రోజు తిరుగు బస్సులో చెప్పింది. సలాం తర్వాత రెండో మాట ఎప్పుడూ తన ముహాసేల గురించే. "అరే, ఇంకా తగ్గలేదా? ఈ ఉమర్‌లో ఏంటిది?" అని ఒక ఖాలా. ముల్తానీ మట్టి రాయమని ఒక ఫుప్పూ. కడుపు సాఫ్ లేదని ఇంకొకరు. అందరిదీ హమ్‌దర్దీయే. కానీ ఒక సాయంత్రం పదిమంది ఒకే మాట అంటే పదకొండో మనిషి నోరు తెరవకముందే చేహ్రా కిందికి వాలిపోతుంది. మెల్లగా దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవడం మానేసి దేగ్‌చీల దగ్గర వడ్డించే పని తీసుకుంది. కిటికీ ఎదుట కూర్చునేది కాదు. జెద్దాలో ఉన్న మా తమ్ముడు వీడియో కాల్ చేస్తే ఫోన్ పిల్లల చేతికిచ్చి పక్కనుంచి మాట్లాడేది. దగ్గరగా కూర్చుని గుసగుసలాడుకునే సహేలీలకు కూడా దూరమైంది. దగ్గరికొస్తే మేకప్ కింద గడ్డలు కనిపిస్తాయని భయమట. "సుస్రాల్‌లో పని ఎక్కువేమో, అందుకే మాట్లాడట్లేదు" అనుకున్నాం మేము.

మొటిమలు జవానీ రోగమని, శాదీ అయితే పోతాయని, పిల్లలు పుడితే పోతాయని మన ఇళ్లలో గడువులు పెడుతూ పోతాం. ఆ గడువులన్నీ దాటినా కొందరికి పోవు. ముప్ఫై, నలభై ఏళ్ల ఆడవాళ్లలో ఇవి ఎక్కువగా గడ్డం కింద, దవడ మీద వస్తాయి. నెలసరికి వారం ముందు ఉబ్బుతాయి. లోపలి హార్మోన్లకు చర్మంలోని నూనె గ్రంథులు ఎక్కువగా స్పందించడం దీనికి ఒక కారణం. ముఖం కడగకపోవడం కాదు. మా చెల్లెలు ఐదు పూటలా వజూ చేస్తుంది. "మురికి పోవడం లేదేమో" అని ఎవరో అంటే ఐదుసార్లూ సబ్బుతో రుద్దడం మొదలుపెట్టింది. వజూ నీళ్లతో ఏ నుక్సానూ లేదు. ఆ సబ్బే చర్మాన్ని ఎండబెట్టి మంటపెట్టింది.

ఇక నా గునాహ్ సంగతి. రెండేళ్ల కింద ఆఫీసులో ఒకాయన తన భార్యకు వారంలో తగ్గిందని ఒక క్రీము పేరు చెప్పాడు. ఒక మెడికల్ షాపులో అడిగితే చీటీ లేకుండానే ఇచ్చారు. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. నాలుగు రోజుల్లో ఎర్రదనం తగ్గింది, రంగు కూడా తేలింది. ఆ ఏడాది ఒక్క శాదీలో మాత్రం అందరితో కూర్చుంది. నేను చాలా ఖుష్ అయ్యాను.

ఆ క్రీములో ఉన్నది స్టెరాయిడ్. అది వాపును అణిచి, రక్తనాళాలను ముడిచి, చర్మాన్ని కొన్నాళ్లు తెల్లగా, నున్నగా చూపిస్తుంది. వాపు అణిగితే మర్జ్ తగ్గిందనుకుంటాం. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నని ఎర్ర గీతలు తేలతాయి, చెంపల మీద నూగు పెరుగుతుంది. ఆ తర్వాత స్టెరాయిడే కొత్త మొటిమలు పుట్టిస్తుంది. మామూలు మొటిమల్లో నల్ల చుక్కలు, చిన్నవి, పెద్దవి కలిసి ఉంటాయి. ఇవి అలా కాదు, అన్నీ ఒకే సైజులో గింజల్లా వస్తాయి. క్రీము ఆపితే రెండు మూడు రోజుల్లో ముఖం ఎర్రబడి మండుతుంది. భయపడి మళ్లీ రాస్తారు, మళ్లీ చల్లబడుతుంది. చెల్లెలు రెండేళ్లు ఆ చక్రంలోనే తిరిగింది. పొయ్యి దగ్గర నిలబడలేకపోయేది, ఎండలోకి వెళ్లలేకపోయేది. మేమేమో ముహాసే ముదిరాయనుకున్నాం.

ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. దేశంలోని 12 ఆస్పత్రుల స్కిన్ డాక్టర్లు ముఖం సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించారు. అందులో 433 మంది ఇలా స్టెరాయిడ్ రాసుకుంటున్నవాళ్లే. వాళ్లలో ఎక్కువగా కనిపించిన చెడు ఫలితం మొటిమలే. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన బిగించింది. కాగితం మీద అది ఉంది. షాపులో నాకు మాత్రం ట్యూబు దొరికింది.

ఇలాజ్ ఎలా జరిగిందో కూడా చెప్తాను, ఎందుకంటే సబర్ అంతా ఇక్కడే కావాలి. డాక్టర్ ముందు మొటిమలను ముట్టుకోలేదు, క్రీము మాన్పించారు. ఒక్కసారిగా కాదు, తక్కువ బలమున్న దానికి మార్చి, రోజు విడిచి రోజు చేసి, కొన్ని వారాల్లో ఆపించారు. మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఇంకేమీ రాయొద్దన్నారు. పూర్తిగా ఆపాక మొదటి రెండు వారాలు ముఖం నిప్పులా ఉంది. "ఇది మళ్లీ రోగం కాదు, మందు వదులుతున్న తకలీఫ్" అని ముందే చెప్పకపోయి ఉంటే మళ్లీ ఆ ట్యూబు దగ్గరికే పోయేది. మూడు నెలలకు చల్లబడింది.

అప్పుడు అసలు మొటిమల వైద్యం మొదలైంది. నెలసరి సరిగా వస్తోందా, గడ్డం మీద వెంట్రుకలు పెరిగాయా అని అడిగి, పీసీఓడీ ఉందేమోనని పరీక్షలు రాశారు. రాత్రి రాసేందుకు అడాపలీన్ ఇచ్చారు. శనగ గింజంత, మొటిమ మీద మాత్రమే కాదు, ముఖమంతా పలుచగా. ఫలితం తెలియడానికి 12 వారాలు పడుతుందని, మొదట్లో చర్మం పొడిబారి కాస్త ఎక్కువైనట్టు కూడా అనిపించవచ్చని చెప్పారు. గర్భం వచ్చే అవకాశం ఉంటే ఇది వాడకూడదు, కాబట్టి ఈ పేరు చూసి ఎవరూ షాపుకు వెళ్లకండి. అలా పేరు పట్టుకుని వెళ్లి నేను చేసిందేమిటో చదివారు కదా. చేవెళ్ల, మొయినాబాద్ వైపు మెడికల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి, పట్నంలో ఉస్మానియా, గాంధీ ఉన్నాయి. అక్కడి స్కిన్ ఓపీలో చూపించుకోవచ్చు.

నేనడిగేవి రెండే. మీ ఇంట్లో ఎవరైనా ముఖానికి ఏదైనా క్రీము రాస్తుంటే ట్యూబు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లలో ఒకటి కనిపిస్తే అది స్టెరాయిడ్. ఒకేసారి ఆపేయకుండా, ఆ ట్యూబుతో సహా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. రెండోది, వచ్చే దావత్‌లో సలాం తర్వాత పిల్లల చదువు గురించి అడగండి, బిర్యానీ గురించి అడగండి. చేహ్రా గురించి మాత్రం అడగకండి. తన ముఖం మీద ఏముందో తనకు మీకంటే బాగా తెలుసు, పొద్దున్నుంచి అద్దంలో అదే చూసుకుని వచ్చింది.

మా చెల్లెలి గడ్డం మీద ఇప్పటికీ నెలకు రెండు మూడు వస్తున్నాయి, మచ్చలూ ఉన్నాయి. పోయిన జుమ్మా నాడు జెద్దా నుంచి కాల్ వస్తే ఫోన్ తనే పట్టుకుని మాట్లాడింది. కిటికీ దగ్గర మాత్రం ఇంకా కూర్చోవడం లేదు.