బస్టాండు మరుగుదొడ్డి ప్లాను గురించి ఆర్టీసీ ఎండీ గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ మేనేజింగ్ డైరెక్టర్ గారికి, సంస్థ సివిల్ ఇంజినీర్లకు,

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం మొదలైంది. ఆడవాళ్లు ఎక్కువమంది బస్సెక్కితే బస్సులు చాలుతాయా, సీట్లు చాలుతాయా అని అందరూ మాట్లాడుతున్నారు. వాళ్లు దిగే బస్టాండులో మరుగుదొడ్లు చాలుతాయా అన్న మాట మాత్రం పెద్దగా వినపడదు. భవనాల పనుల్లో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు మీ బస్సుల్లో తిరుగుతున్నాను. ఒక మోస్తరు పట్టణం బస్టాండులో కొత్తగా మరుగుదొడ్ల బ్లాకు కడితే దాని ప్లాను ఎలా ఉండాలో నాకు తెలిసినంత మేరకు మీ ముందు పెడతాను.

మరుగుదొడ్డి కంపు కొడితే ముందు తిట్టు తినేది ఊడ్చే మనిషి. నేను చూసినంతలో తప్పు చాలాసార్లు ఆమెది కాదు, ప్లాను గీసినవాడిది, వాటం పెట్టిన మేస్త్రీది. ఆ సంగతి వాసనే చెబుతుంది. కళ్లు మండే ఘాటు వాసన వస్తే మూత్రం నేలమీదో టైల్సు సందుల్లోనో నిలిచిపోయిందని అర్థం. దాంట్లోని యూరియాను బాక్టీరియా అమోనియాగా మారుస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే డ్రైనేజీ గొట్టంలోని గాలి పైకి తన్నుతోందని అర్థం. అంటే ఎక్కడో ట్రాపులో నీళ్లు ఎండిపోయాయి. మొదటిదానికి నేల బాగుచేయాలి, రెండోదానికి ట్రాపు బాగుచేయాలి. రెండింటికీ కలిపి మనం వాడే మందు ఫినాయిల్. దానివల్ల కంపు మీద ఇంకో కంపు చేరడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ముందుగా నేల. ఒక్కో గదిలో నేల వాటం దొడ్డి బేసిన్ వైపే ఉండాలి, యాభైకి ఒకటి చొప్పున. గది లోతు 1.35 మీటర్లు అనుకుంటే తలుపు దగ్గరికీ వెనక గోడకూ తేడా మూడు సెంటీమీటర్ల లోపే. అడుగు కింద తెలియదు గానీ మగ్గుతో ఒలికిన నీళ్లు వాటంతట అవే బేసిన్‌లోకి పోతాయి. గది నేల బయటి నడవ కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు దిగువన ఉంటే లోపలి తడి నడవలోకి రాదు. చాలాచోట్ల బేసిన్‌ను ఒక మెట్టెత్తు దిమ్మె మీద కూర్చోబెడతారు. మేడ మీద అయితే కింద ట్రాపుకు చోటుండదు కాబట్టి అలా చేయక తప్పదు. బస్టాండు బ్లాకు నేలమీదే కడతాం, కింద కావలసినంత మట్టి ఉంది. అయినా అలవాటు కొద్దీ దిమ్మె కట్టేస్తారు. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ తడి కాళ్లతో దానిమీంచి దిగాలి. మెట్టు పక్క మూలలో మురికి పేరుకోవడం సరేసరి. దిమ్మె తీసేయండి. గోడ, నేల కలిసే మూలను నిటారుగా వదలకుండా గుండ్రంగా తిప్పించండి, చీపురు అందుతుంది.

టైల్సు సందుల్లో మామూలు సిమెంటు పూత వద్దు, ఎపాక్సీ పూత వేయించండి. ఖరీదు ఎక్కువే. కానీ సిమెంటు సందు మూత్రాన్ని పీలుస్తుంది. ఆ కంపు పోవడానికి ఊడ్చే మనిషి యాసిడ్ పోస్తుంది. యాసిడ్ సిమెంటును తినేస్తుంది, సందు ఇంకా లోతవుతుంది, ఇంకా పీలుస్తుంది, ఆమె ఇంకా యాసిడ్ పోస్తుంది. పైగా యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఒకేసారి పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. గాలాడని గదిలో ఒంగి కడిగే మనిషికి అది ప్రాణాంతకం. రెండూ ఒకే అల్మరాలో పెట్టి ఏ మాటా చెప్పకుండా ఆమెకు అప్పగించడం మన నిర్లక్ష్యం.

ఇక ట్రాపు. నహానీ ట్రాపులో రెండంగుళాలు, అంటే 50 మిల్లీమీటర్ల లోతున నీళ్లు నిలిచి ఉండాలి. గొట్టంలోని చెడుగాలికి అడ్డు ఆ నీళ్లే. కానీ అవి మన ఎండలకు ఎక్కువ రోజులు ఆగవు. గదికొక ట్రాపు పెడితే కొన్ని వాడకంలో లేక ఎండిపోతాయి, ఏది ఎండిందో వెతకడానికి ఎవరికీ తీరదు. గది నీళ్లు బేసిన్‌లోకే పోయేలా వాటం పెట్టాం కాబట్టి గదిలో ట్రాపు అక్కర్లేదు. నడవలో జాలీ మూతతో ఒకే ఒక్క కాలువ, దాని చివర ఒకే ట్రాపు చాలు. చేతులు కడుక్కునే సింకుల నీళ్లను కూడా అదే ట్రాపులోకి కలపండి. జనం చేతులు కడిగిన ప్రతిసారీ అది నిండుతూనే ఉంటుంది, ఎవరూ గుర్తుపెట్టుకుని నీళ్లు పోయనక్కర్లేదు.

ఇప్పుడు ఎన్ని గదులు కావాలో చూద్దాం. రెండు బస్సులు వెంటవెంటనే వచ్చి, వాటిలోంచి ముప్పైమంది ఆడవాళ్లు మరుగుదొడ్డి వైపు నడిచారనుకోండి. చంకలో పిల్ల, చేతిలో సంచి, చీర సర్దుకోవడం అన్నీ కలిపి మనిషికి రెండున్నర నిమిషాలు వేసుకుందాం. నాలుగు గదులుంటే చివరి మనిషి బయటికి వచ్చేసరికి 20 నిమిషాలు. పది గదులుంటే ఏడున్నర నిమిషాలు. బస్సు ఆగేది పది నిమిషాలు. నాలుగు గదుల చోట డ్రైవరు హారన్ కొడతాడు, కొందరు వెళ్లకుండానే బస్సెక్కేస్తారు. ఆ భయంతోనే దారిపొడవునా మంచినీళ్లు తాగని ఆడవాళ్లు ప్రతి బస్సులోనూ ఉన్నారు. మగవాళ్లకు యూరినల్స్ కూడా ఉంటాయి కాబట్టి ఇద్దరికీ సమానంగా గదులు ఇస్తే అది సమానం కాదు.

నేను చెప్పే బ్లాకు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. ఒకవైపు ఆడవాళ్లకు పది గదులు. రెండోవైపు మగవాళ్లకు నాలుగు గదులు, తొమ్మిది యూరినల్స్. ఈ రెండు వరుసల వెనక గోడల మధ్య 90 సెంటీమీటర్ల సందు, మన భాషలో డక్టు. ప్లానులో ఖర్చు తగ్గించమంటే మొట్టమొదట కొట్టేసేది దీన్నే. దయచేసి దీన్ని మాత్రం ముట్టుకోకండి.

ఎందుకంటే గొట్టాలు, వాల్వులు, ఫ్లష్ కనెక్షన్లు అన్నీ అందులోనే ఉంటాయి. గొట్టం మూసుకుపోతే ప్లంబరు డక్టులోకి వెళ్లి క్లీనింగ్ మూత తెరుస్తాడు, పని అయిపోతుంది. అది లేకపోతే టైల్సు పగలగొట్టాలి, అంచనా వేయాలి, మంజూరు రావాలి, ఈలోపు ఆ గదికి తాళం పడుతుంది. మన బస్టాండ్లలో తాళం పడ్డ గదులకు కారణం వెతికితే సగం ఇదేనని నా అభిప్రాయం.

డక్టు ఇంకో పని కూడా చేస్తుంది. గాలికీ ఆడవాళ్ల భద్రతకూ మధ్య ఉన్న పేచీ తీరుస్తుంది. గాలాడాలంటే గోడలు పొట్టిగా ఉండాలి, తలుపు కింద ఖాళీ వదలాలి. అలా వదిలితే పక్క గదిలోంచి ఎవరైనా ఫోను పైకెత్తి వీడియో తీస్తారేమోనని భయం. అందుకని అన్నీ మూసేస్తే గది ఉడికిపోయి కంపు కొడుతుంది. దీనికి దారి ఉంది. గదుల మధ్య గోడ నేలను తాకుతూ ఎనిమిదడుగుల ఎత్తు వరకు కట్టి, అక్కడి నుంచి పైకప్పు దాకా గట్టి జాలీ బిగించండి. గాలి పోతుంది, చెయ్యి పట్టదు. తలుపు కింద పది సెంటీమీటర్ల ఖాళీ చాలు. తలుపు అడుగు తడిసి చివికిపోకుండా కూడా అది పనికొస్తుంది. ప్రతి గది వెనక గోడలో ఏడడుగులకు పైన డక్టులోకి ఒక గాలి రంధ్రం, వంపు రెక్కలు బిగించినది. డక్టు పైభాగాన్ని కప్పు కన్నా మీటరు పైకి లేపి, చుట్టూ రెక్కలు పెట్టి, రేకు మూత వేయండి. ఎండకు రేకు వేడెక్కితే లోపలి గాలి పైకి లాగుతుంది, తలుపు కింది నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. కరెంటుతో పనిలేదు. రాత్రి ఈ లాగుడు తగ్గుతుంది కాబట్టి రంధ్రాలు చిన్నవి పెట్టకూడదు. జాతీయ భవన నిర్మాణ కోడ్ ఒక్కో మరుగుదొడ్డికి కనీసం 0.37 చదరపు మీటర్ల గాలి మార్గం అడుగుతుంది. మలం గొట్టపు గాలి పైపు మాత్రం డక్టులో ఆగకుండా దాని మూత దాటి పైకి పోవాలి. లేకపోతే మనమే కంపును గదుల్లోకి పంచినట్లవుతుంది.

డక్టు తలుపు వెనక ప్రహరీ వైపు పెట్టవద్దు. నలుగురూ చూసే పక్క గోడకు పెట్టి, తాళం వేసి, చెవి అటెండరు దగ్గర ఉంచండి. ఆడవాళ్ల ద్వారం కూడా ప్లాట్‌ఫారం లైట్ల వెలుగు పడే వైపే ఉండాలి. తలుపు బదులు ఒక వంపు గోడ ఉంటే లోపల కనపడదు, మూసుకుపోయే భయమూ ఉండదు. గది తలుపులు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే లోపలికి తెరిచే తలుపు ఆ మనిషికే అడ్డం పడుతుంది. సంచి తగిలించే కొక్కెం, మూత ఉన్న చెత్తడబ్బా ప్రతి గదిలో ఉండాలి. డబ్బా లేకపోతే ప్యాడ్లు గొట్టంలోకి పోతాయి. చక్రాల కుర్చీ గది, ర్యాంపు నిబంధనల్లోనే ఉన్నాయి, వాటిని సామాన్ల గదిగా మార్చకుండా ఉంటే చాలు.

బస్టాండుకు రాత్రీ పగలూ లేదు. అందుకే ఆడవాళ్ల పది గదులను అయిదు, అయిదుగా ఒక అడ్డుతలుపుతో విడగొట్టండి. ఒక సగం మూసి కడిగి, రబ్బరు పలకతో నీళ్లు లాగి, ఆరనిచ్చి తెరవాలి. అప్పుడు రెండో సగం. జనం నడుస్తుండగా కడిగిన నేల ఎప్పటికీ ఆరదు, తడి నేల మీద చెప్పుల మట్టి కలిస్తే అయిదు నిమిషాల్లో మొదటికి వస్తుంది.

ఎంత మంచి ప్లాను అయినా మేస్త్రీ చేతిలో మారిపోతుంది. కాబట్టి కాంట్రాక్టరుకు చివరి బిల్లు ఇచ్చే ముందు మూడు పరీక్షలు పెట్టమని కోరుతున్నాను. ప్రతి గదిలో, నడవలో ఒక్కో బకెట్ నీళ్లు కుమ్మరించి అయిదు నిమిషాల తర్వాత చూడండి. ఎక్కడైనా మడుగు నిలిస్తే ఆ నేల మళ్లీ వేయాలి. తలుపు మూసి దాని కింది ఖాళీ దగ్గర అగరుబత్తి పెట్టండి, పొగ లోపలికి పోవాలి, నడవలోకి రాకూడదు. టార్చి వేసి ట్రాపులో నీళ్లు మెరుస్తున్నాయో లేదో చూడండి. ఈ మూడింటికీ గంట సరిపోతుంది, సామాను ఖర్చు ఒక అగరుబత్తి.

నిర్వహణకు టెండరు పిలిచేటప్పుడు ఎక్కువ లైసెన్సు ఫీజు ఇచ్చేవారికే అప్పగించే పద్ధతి ఉంటే దాన్ని మార్చండి. సంస్థకు ఎక్కువ కట్టినవాడు ఆ డబ్బును సబ్బులోనూ, ఊడ్చే మనుషుల సంఖ్యలోనూ మిగుల్చుకుంటాడు. వచ్చే బ్లాకు ప్లాను ఖరారు చేసే ముందు దాన్ని మీ మహిళా కండక్టర్లకు, ఇప్పుడున్న మరుగుదొడ్లు కడుగుతున్నవాళ్లకు ఒకసారి చూపించండి. వాళ్లు వేలుపెట్టి చూపిన చోట మార్చాకే సంతకం చేయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు, మీ ప్రయాణికుడు