చదువుకునే గదికి నీలమే వేయాలా?

వేసవి సెలవులొస్తే మన అనంతపురంలో ఇళ్లకు రంగులు వేయించే పనులు మొదలవుతాయి. స్కూళ్లు తెరిచేలోపు పిల్లల గదికీ ఒక కోటు వేయిద్దామని షాపుకెళితే వినబడే సలహా దాదాపు ఒకటే: "నీలం వేయించండి సార్, పిల్లలు ప్రశాంతంగా చదువుకుంటారు. ఎరుపు మాత్రం వద్దు, గోల ఎక్కువవుతుంది." పేరెంట్స్ మీటింగుల్లో మమ్మల్నీ ఈ మాట అడుగుతుంటారు. దీన్ని నమ్మి ఉన్న రంగు మార్పించే ఖర్చు పెట్టుకోనక్కర్లేదని నా అభిప్రాయం.

ముందు ఎరుపు సంగతి. 2007లో అమెరికాలోని రాచెస్టర్ యూనివర్సిటీకి చెందిన ఆండ్రూ ఎలియట్ బృందం ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. కాలేజీ విద్యార్థులకు అక్షరాలు తారుమారు చేసిన పదాలిచ్చి సరిచేయమన్నారు. పేపరు మూలన ప్రతి ఒక్కరికీ ఒక నంబరు రాశారు. కొందరికి ఎర్ర సిరాతో, కొందరికి ఆకుపచ్చతో, మిగిలినవారికి నలుపుతో. ఎర్ర నంబరు చూసినవాళ్లు తక్కువ పదాలు సరిచేశారు. తప్పులు దిద్దే ఎర్ర పెన్నులాంటి అనుభవాల వల్ల ఆ రంగు చూడగానే మనసులో జంకు పుడుతుందని వాళ్ల వివరణ. వినడానికి సబబుగానే ఉంది కాబట్టి ఈ వార్త ప్రపంచమంతా తిరిగింది.

ఆ తర్వాత ఇతరులు అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఆ తేడా సరిగా కనబడలేదు. 2020లో టిమో గ్నాంబ్స్ అనే పరిశోధకుడు అప్పటిదాకా వచ్చిన ఇలాంటి ఫలితాలన్నిటినీ కలిపి లెక్కగట్టాడు. చాలా రకాల పరీక్షల్లో ఎరుపు వల్ల మార్కులు తగ్గాయని చెప్పడానికి ఆధారం దొరకలేదు. మొదటి బృందం చూపిన తేడాలు పెద్దవి, బయటివాళ్లకు వచ్చినవి చిన్నవి.

ఇలా ఎందుకవుతుందో స్కూల్లో ఉన్నవాళ్లకు తేలిగ్గానే అర్థమవుతుంది. ఇరవై మంది చొప్పున రెండు సెక్షన్లకు యూనిట్ టెస్టు పెట్టారనుకోండి. ఒక సెక్షన్‌లో ఇద్దరు చురుకైన పిల్లలు ఎక్కువున్నా సరాసరి మారిపోతుంది. ఆ గది గోడ ఏ రంగుదైతే ఆ రంగుకు పేరొస్తుంది! పైగా తేడా కనబడిన ప్రయోగం అచ్చవుతుంది, కనబడనిది బీరువాలోనే ఉండిపోతుంది. అందుకే "పరిశోధనలో తేలింది" అని ఎవరన్నా చెబితే నేను రెండే అడుగుతాను: ఎంతమందితో చేశారు? వేరేవాళ్లు చేసినా అదే వచ్చిందా?

నీలం విషయంలో జరిగేది మరీ విచిత్రం. మన కంటి రెటీనాలో కొన్ని కణాలు నీలం వెలుగుకే ఎక్కువగా స్పందించి, ఇంకా పగలేనని మెదడుకు చెబుతాయి. రాత్రిపూట ఆ వెలుగు కంట్లో పడితే నిద్రకు సంబంధించిన మెలటోనిన్ తగ్గుతుంది. అంటే నీలం వెలుగు చేసేది జోకొట్టడం కాదు, మేలుకొలపడం. అయితే ఇది కంట్లోకి వచ్చే వెలుగు సంగతి. గోడకు వేసిన నీలం పెయింటుకు అంత శక్తి లేదు, ఎటువైపూ.

మరి ముదురెరుపు గదిలోకి వెళితే ఏదోలా అనిపించడం అబద్ధమా? కాదు. 2018లో జర్మనీలో లిసా విల్మ్స్, డానియల్ ఒబర్‌ఫెల్డ్ రంగునూ, గాఢతనూ, వెలుతురునూ విడివిడిగా మార్చి చూశారు. ఎరుపా నీలమా అన్నదానితోపాటు రంగు ఎంత గాఢంగా ఉందన్నదీ మనిషి ఉద్వేగాన్ని మార్చింది. మనం మామూలుగా పోల్చేది ముదురెరుపును లేత నీలంతో. కొట్టొచ్చేటంత గాఢమైన నీలంతో పోల్చి చూస్తే కథ అంత తేలిగ్గా తేలదు. పిల్లలతో లేపాక్షి వెళ్లినప్పుడు వీరభద్రస్వామి గుడి పైకప్పు చూడండి. ఆ బొమ్మల నిండా మట్టిరంగు ఎరుపే. దాని కింద నిలబడి ఎవరికీ కోపం రాగా నేను చూడలేదు.

చదువుకునే చోట గోడలు అసలు లెక్కలోకి రావని కాదు. 2014లో అమెరికాలో అన్నా ఫిషర్ బృందం 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు బొమ్మలు, చార్టులు నిండిన గదిలోనూ, కొన్ని పాఠాలు గోడలు ఖాళీగా ఉన్న గదిలోనూ చెప్పించింది. బొమ్మల గదిలో పిల్లల ధ్యాస దాదాపు 39 శాతం సమయం పాఠం మీద లేదు, ఖాళీ గదిలో అది 28 శాతం. పాఠం తర్వాతి ప్రశ్నలకు సరైన జవాబులు బొమ్మల గదిలో 42 శాతం, ఖాళీ గదిలో 55 శాతం. ఇదీ చిన్న ప్రయోగమే, పైన నేనడిగిన ప్రశ్నలు దీనికీ వర్తిస్తాయి. కానీ చార్టులు తీసి చూడటానికి ఖర్చేమీ లేదు. టేబుల్ ఎదురుగా ఉన్న గోడ మీదివి పక్క గోడకు మార్చి ఓ నెల గమనించండి.

ఎలాగూ రంగు వేయించాల్సి ఉంటే లేత షేడ్ అడగండి. లేత గోడ వెలుతురును గదిలోకే తిప్పి పంపుతుంది, ముదురు గోడ మింగేస్తుంది. మన ఎండలకు పగలంతా కిటికీలు మూసుకునే ఇళ్లలో ఆ తేడా పుస్తకం మీద కనబడుతుంది. ఆ లేత షేడ్ నీలమా, గులాబీనా, పసుపా అన్నది మీ అబ్బాయినో అమ్మాయినో అడగండి.