అత్తయ్య గొలుసు, ఆచారి గారి కొక్కెం

రాత్రి పది దాటాక మా తోడికోడలు వాట్సాప్‌లో మూడు ఫోటోలు పంపింది. కింద ఒక్కటే మాట: "అక్కా, ఇది అత్తయ్య గొలుసేనా?"

ఆ ప్రశ్న వెనకున్నది నాకు అర్థమైంది. మూడు కాసుల ఆ గొలుసు అత్తయ్య పోయేదాకా ఆరేళ్ళు నా బీరువాలోనే ఉంది. కిందటి నెలే తన చేతికి ఇచ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బంగారం విషయంలో అనుమానం వస్తే అది నగ దగ్గర ఆగదు కదండీ, దాచిన మనిషి మీదకి వస్తుంది.

మొదటి ఫోటో ముద్రది. గొలుసు చివర చిన్న రేకు మీద త్రికోణం, 916, పక్కన సరిగా కనపడని రెండు మూడు గుర్తులు. "ఆరక్షరాల నంబరు లేదేంటి?" అని తన అనుమానం. ఆ నంబరు, అదే హెచ్‌యూఐడీ, 2021 జులైలో వచ్చింది. ఈ గొలుసు కొన్నది 2012లో. అప్పట్లో త్రికోణం, 916తో పాటు పరీక్షించిన కేంద్రం గుర్తు, ఏడాదిని తెలిపే అక్షరం, కొట్టు గుర్తు కొట్టేవారు. కాబట్టి నంబరు లేనంత మాత్రాన పాత నగ దొంగది అయిపోదు. అలాగని 916 కనబడగానే నిశ్చింత పడడానికీ లేదు. గిల్టు గొలుసుల మీద కూడా ఆ మూడంకెలు కొట్టేస్తున్నారు. అసలు నగ నుంచి తీసిన రేకుని వేరే గొలుసుకి అతికించినా ఫోటోలో ముద్ర అసలుదే కనిపిస్తుంది.

రెండో ఫోటో కొక్కెంది. గొలుసు పాతబడి మెత్తటి పసుపులో ఉంటే, కొక్కెం మాత్రం కాస్త ఎర్రగా, అంచులు అరగకుండా ఉంది. అతుకు దగ్గర నల్లటి మరక. తనని భయపెట్టింది ఇదే. నిజానికి ఒంట్లో ఒక భాగం ఒక వయసు, ఇంకో భాగం ఇంకో వయసు కనిపిస్తే దానర్థం ఒక్కటే, మధ్యలో ఎవరో మరమ్మతు చేశారని. మాటు వేయడానికి వాడే లోహం గొలుసు కంటే ముందే కరగాలి, అందుకని అందులో వేరే లోహాల పాలు ఎక్కువ. చెమట తగిలితే నల్లబడేది అదే.

మూడోది గొలుసు మధ్య భాగం. నేను ఎక్కువసేపు చూసింది దీన్నే. రంగు ఎక్కడ పోయిందో చూడాలంటే పైన మెరిసే చోట కాదు, కొలికీ కొలికీ రాసుకునే లోపలి వంపులో చూడాలి. పూత నగైతే అక్కడే పూత లేచి, అడుగునున్న తెలుపో రాగి రంగో అంచు కట్టి బయటపడుతుంది. అసలు బంగారం అరిగితే సన్నబడుతుంది, నునుపు తేలుతుంది, రంగు మాత్రం మారదు. ఫోటోలో లోపలి వంపులన్నీ పసుపుగానే కనిపించాయి. కానీ ట్యూబులైటు కింద ఒక రంగు, పక్కన ఎర్ర చీర ఉంటే ఇంకో రంగు. ఫోటో రంగుని నమ్మి ఔననీ కాదనీ అనలేను.

మర్నాడు ఇద్దరం కలిసి హాల్‌మార్కింగ్ కేంద్రానికి వెళ్ళాం. నాలుగు నగల వరకు పరీక్షకి 200 రూపాయలు, పన్ను అదనం. మిషను కిరణాలు పైపొర వరకే చదువుతాయి, మందంగా పూత వేసినది ఒక్కోసారి తప్పించుకోవచ్చు. అందుకని ఒక్క చోట చూసి చీటీ ఇవ్వొద్దని, బాగా అరిగిన కొలికి, కొక్కెం విడివిడిగా చూడమని అడిగాను. కొలికిలో 91.7 వచ్చింది. కొక్కెంలో 87.

అప్పుడు గుర్తొచ్చింది నాకు! 2018లో కొక్కెం విరిగితే అత్తయ్యే మా వీధి చివర ఆచారి గారి చేత కొత్తది వేయించుకున్నారు. గొలుసు ఇచ్చేటప్పుడు ఆ ముక్క నేను చెప్పలేదు. బిల్లు ఇవ్వలేదు, తూకం వేసి చూపించలేదు. "మన ఇంట్లో మనకెందుకివన్నీ" అనుకున్నాను.

తోడికోడలు దారంతా ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "అక్కా, ఫోటోలు పెట్టకుండా నేరుగా అడగాల్సింది" అంది. అడగాల్సిందే. కానీ అడిగే అవసరం రాకుండా నేనూ చెప్పాల్సింది. నా మట్టుకు నేను తేల్చుకున్నదేమిటంటే, ఫోటో చూసి నగలో ఎక్కడ అనుమానించాలో తెలుసుకోవచ్చు గానీ, మనిషిని అనుమానించకూడదు. ఇకపై మా ఇంట్లో ఏ నగ చేతులు మారినా తూకం, మరమ్మతులు, తేదీ ఒక చీటీ మీద రాసి దాంతో పాటే ఇస్తాను.

మొదటి చీటీ రాసి ఆ గొలుసు డబ్బాలోనే పెట్టాను.