పొడి అమ్మవచ్చు, వైద్యం అమ్మరాదు

నేరేడు గింజలు, మెంతులు, ఎండు కాకర ముక్కలు, పొడపత్రి ఆకు. ఈ నాలుగింటినీ దంచి, జల్లించి, సీసాలో నింపితే మన ఇళ్లలో దానిని ‘షుగర్ పొడి’ అంటారు. నిన్నమొన్నటి వరకు బంధువులకు పంచిపెట్టుకున్న ఈ పొడి ఇప్పుడు ఆన్‌లైన్ అంగళ్లలోనూ, వాట్సాప్ బృందాలలోనూ సరుకుగా మారింది. దీనిని అమ్మడం తప్పా అని నన్ను పలువురు అడుగుతుంటారు. అమ్మడం తప్పు కాదు. అయితే సీసా లోపల ఏమున్నదో ఎంత ముఖ్యమో, సీసా పైన ఏమి వ్రాశారన్నదీ అంతే ముఖ్యం. చాలామంది చిక్కుల్లో పడేది ఆ వ్రాత దగ్గరే. ఆ వ్రాతను నమ్మి రోగులు ప్రాణాల మీదకు తెచ్చుకునేదీ అక్కడే. అందుకే ఈ ఒక్క పొడినే ఉదాహరణగా తీసుకుని, అమ్మదలచినవారికీ కొనదలచినవారికీ ఉపయోగపడేలా నాలుగు మాటలు చెబుతాను.

ఒకే పొడికి రెండు దారులు

మన దేశంలో ఇటువంటి పొడి చట్టబద్ధంగా అంగడికి చేరడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది ఆహారం దారి. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ, అంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఇచ్చే లైసెన్సుతో దీనిని ఆహార అనుబంధంగా అమ్మవచ్చు. ఈ దారిని ఎంచుకుంటే దానికి సంబంధించిన ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు వర్తిస్తాయి. ఏ మొక్కలో ఏ భాగాన్ని, రోజుకు ఎంత మోతాదులో వాడవచ్చో చెప్పే జాబితా వాటిలో ఉన్నది. మీ పొడిలోని ప్రతి వస్తువునూ ఆ జాబితాతో సరిచూసుకోవాలి. ‘ఔషధ వినియోగానికి కాదు’ అన్న మాట లేబుల్‌పై స్పష్టంగా కనిపించాలి.

రెండవది ఆయుర్వేద ఔషధం దారి. దీనికి రాష్ట్ర ఆయుష్ లైసెన్సు అధికారి ఇచ్చే తయారీ అనుమతి కావాలి. సొంత కర్మాగారం లేనివారు లైసెన్సు ఉన్న మరొకరి కర్మాగారంలో తయారు చేయించుకునేందుకు వీలు కల్పించే అనుమతి కూడా ఉన్నది. ఆయుర్వేద మందులు అమ్మడానికి వేరే విక్రయ లైసెన్సు అక్కరలేదు కాబట్టి తయారీకీ అక్కరలేదని కొందరు భ్రమపడతారు. అది నిజం కాదు. వంటింట్లో దంచిన పొడిని ఔషధమన్న పేరుతో అమ్మడం నేరం.

ఈ రెండు దారులలో ఏది ఎంచుకున్నా, ‘మధుమేహాన్ని నయం చేస్తుంది’ అని ప్రజలకు ప్రకటించే హక్కు మాత్రం రాదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. 1954లో వచ్చిన ఔషధాలు, మాయా చికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టానికి అనుబంధంగా ఒక పట్టిక ఉన్నది. మధుమేహం, క్యాన్సర్, రక్తపోటు, స్థూలకాయం, పక్షవాతం, మూర్ఛ వంటి వ్యాధుల పేర్లు అందులో ఉన్నాయి. వాటిని నయం చేస్తామనీ, నివారిస్తామనీ ఏ మందు గురించీ ప్రజలకు ప్రకటించరాదు. ఆ చట్టం దృష్టిలో వ్యాధి నివారణకో చికిత్సకో ఉద్దేశించిన ఏ పదార్థమైనా మందే. అంటే ఆహారమని లైసెన్సు తీసుకున్న పొడి కూడా ‘షుగర్ తగ్గిస్తుంది’ అన్న ఒక్క మాటతో మందుగా మారిపోతుంది. ప్రకటన అన్న మాటకు కూడా ఆ చట్టం విస్తృతమైన అర్థం ఇచ్చింది. లేబుల్, చుట్టిన కాగితం, ఇతర పత్రాలు, నోటితో చెప్పిన మాట, ఆఖరుకు కాంతి, ధ్వని, పొగల ద్వారా చేసిన ప్రచారం సైతం ప్రకటనే. ఇంటర్నెట్ ఊహకైనా రాని రోజుల్లో వ్రాసిన ఆ నిర్వచనంలో నేటి వీడియో చక్కగా ఇమిడిపోతుంది.

ఒక ప్రకటనను చదివి చూద్దాం

ఇటువంటి పొడులకు తరచుగా కనిపించే ప్రకటన ఇలా ఉంటుంది: ‘మధుమేహాన్ని 90 రోజుల్లో మూలం నుంచి తొలగిస్తుంది. ఇంగ్లీషు మందులతో పని లేదు. నూరు శాతం సహజం, దుష్ప్రభావాలు లేవు. ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆమోదం పొందినది. వైద్యులు సిఫారసు చేసినది. మా నాన్నగారి షుగర్ 280 నుంచి 110కి దిగింది.’

మొదటి వాక్యం సంగతి పైన చెప్పాను. రెండవ వాక్యం నా దృష్టిలో అన్నింటికన్నా ప్రమాదకరం. మొదటి రకం మధుమేహం ఉన్న పిల్లవాడికి ఇన్సులిన్ ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి పీల్చడం మొదలై, రక్తం ఆమ్లంగా మారి, స్పృహ తప్పే స్థితి రావచ్చు. పొడి వల్ల కాదు, మందు మానడం వల్ల వచ్చే ముప్పు ఇది. పొడిలో విషం లేకపోయినా ఆ వాక్యంలో ఉన్నది.

‘సహజం’ అన్న మాటకూ నిబంధన ఉన్నది. ఆహార ప్రకటనలపై 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం పలు దినుసులు కలిసిన ఆహారాన్ని ‘సహజం’ అనరాదు. ప్రతి దినుసూ షరతులకు లోబడి ఉంటే ‘సహజమైన దినుసులతో చేసినది’ అనవచ్చు. ఇక ‘దుష్ప్రభావాలు లేవు’ అన్నది శాస్త్రరీత్యా నిలిచే మాట కాదు. రక్తంలో చక్కెరను తగ్గించే గుణం నిజంగా ఉన్న మొక్క అయితే, గ్లిమిపిరైడ్ వంటి మాత్ర వాడుతున్న వృద్ధుడిలో చక్కెరను మరీ తగ్గించవచ్చు. చెమటలు, వణుకు, తికమక అప్పుడే కనిపిస్తాయి. పని చేస్తుందని చెబుతూ ఏ దుష్ప్రభావమూ ఉండదనడం పొసగదు.

‘ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆమోదం’ అనడం తప్పుదోవ పట్టించే మాట. లేబుల్‌పై కనిపించే 14 అంకెల సంఖ్య వ్యాపారికి ఇచ్చిన లైసెన్సు. అది పొడి గుణానికి ఇచ్చిన యోగ్యతాపత్రం కాదు. ‘వైద్యుల సిఫారసు’ అన్న భావం వచ్చే మాటలు ఆహారపు లేబుల్‌పై ఉండనే కూడదు. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

చివరిది నాన్నగారి సంగతి. అది నిజమే కావచ్చు. అయితే 280 భోజనం తరువాత చూసినదా? 110 పరగడుపున చూసినదా? ఆ మూడు నెలల్లో ఆయన అన్నం తగ్గించారా, నడక మొదలుపెట్టారా, మాత్రలు వాడుతూనే ఉన్నారా? ఇవేమీ తెలియకుండా ఆ ఘనతను పొడికి కట్టబెట్టలేము. అమ్మకందారు తానే కొనుగోలుదారుగా నటించి సమీక్షలు వ్రాయడాన్ని 2020 నాటి ఇ-కామర్స్ నియమాలు నిషేధించాయి.

వేదికలు అడిగే రుజువు ఏమిటి?

ఆన్‌లైన్ వేదికలు సాధారణంగా అడిగేవి ఇవి: లైసెన్సు సంఖ్య, దాని ప్రతి, లేబుల్ అన్ని వైపులా తీసిన చిత్రాలు, సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే బిల్లులు, ప్రయోగశాల నివేదిక. వస్తువు గురించి చెప్పిన వివరాలు వాస్తవానికి సరిపోతాయని అమ్మకందారు హామీపత్రం కూడా ఇవ్వాలి.

వీటిలో ప్రయోగశాల నివేదికను చదవడం నేర్చుకోవాలి. దానిపై ఉన్న బ్యాచ్ సంఖ్య మీ సీసాపై ఉన్నదానితో కలవాలి. రెండేళ్ల క్రితం మరో బ్యాచ్‌కు చేయించిన పరీక్షను ఈనాటి సరుకుకు చూపడం రుజువు కాదు. ప్రయోగశాలకు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉండాలి. ‘ప్రమాణాలకు లోబడి ఉన్నది’ అన్న ముద్రతో సరిపెట్టకుండా అంకెలు ఇవ్వాలి. మూలికా ఔషధాలకు ఆయుర్వేద ఫార్మకోపియా నిర్దేశించిన గరిష్ఠ పరిమితులు పది లక్షల భాగాలలో సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 భాగాలు. ఈ పరీక్ష లాంఛనం కాదు. 2008లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనంలో, ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే సుమారు ఐదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. భారతదేశంలో చేసినవీ, అమెరికాలో చేసినవీ ఈ విషయంలో దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి.

ఈ నివేదిక చెప్పనిది కూడా ఒకటున్నది. విడిగా అడగనిదే ప్రయోగశాల అల్లోపతి మందుల కల్తీని వెతకదు. మధుమేహపు మూలికా మందులలో గ్లిబెన్‌క్లమైడ్, కీళ్లనొప్పుల పొడులలో స్టెరాయిడ్లు కలిపిన ఉదంతాలు పలు దేశాలలో బయటపడ్డాయి. పొడిని మీరు మరొకరి దగ్గర కొని మీ పేరుతో అమ్ముతుంటే ఈ పరీక్ష కూడా చేయించండి. వాడిన రెండు రోజులకే చక్కెర గణనీయంగా పడిపోయిందంటే సంతోషించవద్దు, అనుమానించండి.

నా అభిప్రాయం

ఈ పత్రాలన్నీ చెప్పేది ఒక్కటే: సీసాలో ఉన్నది మీరు చెప్పిన వస్తువేననీ, అది శుభ్రంగా ఉన్నదనీ. అది వ్యాధిని తగ్గిస్తుందని వీటిలో ఏదీ చెప్పదు. వేదిక ఆమోదించింది కాబట్టి వైద్యగుణం రుజువైనట్లేనని కొనేవారు అనుకోవడం, అమ్మేవారు వారిని అలా అనుకోనివ్వడం, రెండూ సరికావు. వ్యాధి ముప్పును తగ్గిస్తుందని ఆహారం గురించి చెప్పదలిస్తే, ఇదివరకే అనుమతించిన కొద్ది వాక్యాలు తప్ప, శాస్త్రీయ ఆధారాలతో ఎఫ్ఎస్ఎస్ఏఐ ముందస్తు అనుమతి పొందాలి. ఆ ఆధారం నాలుగు ఉత్తరాలు కాదు, మనుషులపై పద్ధతిగా చేసిన పరిశోధన.

అయితే ఏమి వ్రాయాలి? కొలిచి చూపగలిగినదే వ్రాయండి. 100 గ్రాముల పొడిలో 6 గ్రాములకు తగ్గకుండా పీచు ఉన్నదని పరీక్షలో తేలితే ‘పీచు అధికంగా ఉన్నది’ అనడానికి నిబంధనలు అనుమతిస్తాయి. అక్కడ కూడా నిజాయితీ అవసరం. మీ పొడిలో 30 శాతం పీచే ఉన్నదనుకున్నా, రోజుకు తినే 5 గ్రాముల చెంచాలో దొరికేది గ్రామున్నర మాత్రమే. ఆ లెక్క కూడా లేబుల్‌పై వేయండి. దినుసుల పేర్లు, పాళ్లు, రోజువారీ మోతాదు వ్రాయండి. ‘మధుమేహానికి మందులు వాడుతున్నవారు వైద్యుని అడిగి వాడాలి, మందులు మానరాదు’ అని పెద్ద అక్షరాలలో వేయండి.

అలా వ్రాస్తే అమ్మకాలు తగ్గుతాయని మీరనవచ్చు. తగ్గవచ్చు. మందు మానేసి మీ పొడిని నమ్ముకునే రోగి మీ వద్ద కొనకుండా పోతాడు. అతడు కొనకపోవడమే అతడికీ, మీకూ మంచిది.