దయ కాదు, విచారణ కావాలి

వరంగల్‌లో ఉంటున్న ఒక స్నేహితురాలు తాను రాసిన రెండు ఈమెయిళ్ల నకళ్లు మాకు పంపించింది. ఆమె ఇంట్లో కూర్చుని పాఠ్య వీడియోలకు తెలుగు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాస్తుంది. పని దొరికేదీ, డబ్బు చేతికందేదీ ఒక ఇంటర్నెట్ మార్కెట్ ద్వారానే. ఒక ఉదయం ప్రొఫైల్ తెరిచేసరికి "మీ గుర్తింపు ధ్రువీకరణ కాలేదు, ఖాతాపై పరిమితి విధించాం" అన్న ఒక్క వాక్యం కనిపించింది. కొత్త పని తీసుకునే వీల్లేదు. పూర్తిచేసిన పనికి రావలసిన డబ్బూ అక్కడే ఆగిపోయింది.

ఆమె చేసిన తప్పేమిటి? పాన్ కార్డు పెళ్లికి ముందు తీసుకుంది. అందులో పుట్టింటి ఇంటిపేరు ఉంది. బ్యాంకు ఖాతా పెళ్లయ్యాక తెరిచింది. అందులో అత్తింటి ఇంటిపేరు ఉంది. పైగా మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఆ ఫారంలో చివర రాయమంటారు. ఒకచోట పొడి అక్షరం, మరోచోట పూర్తి పేరు. ఈ కాగితాలను పోల్చి చూసే యంత్రానికి ఆమె ఇద్దరు మనుషులుగా కనిపించింది. పెళ్లితో పేరు మార్చుకోవలసి వచ్చేది ఎవరికి? మగవాడికి పుట్టినప్పటి పేరే చివరిదాకా నడుస్తుంది. అందుకే అందరికీ ఒకటే అని చెప్పే ఈ నిబంధన ఆడవాళ్ల కాళ్లకే ఎక్కువ అడ్డం పడుతుంది.

మొదటి మెయిల్‌లో ఆమె తన కష్టాలన్నీ చెప్పుకుంది. భర్తకు పనిలేదనీ, పిల్లల ఫీజు కట్టాలనీ, దయచూపమనీ రాసింది. అది నిజమే. కానీ దానిలో ఖాతా వివరం లేదు, ఏ కాగితంలో ఏ పేరుందో లేదు. అందరికీ పంపే అచ్చు జవాబే ఆమెకూ వచ్చింది. ఆ నిస్పృహలో అక్క పేరుతో ఇంకో ఖాతా తెరుద్దామనుకుంది. అదృష్టవశాత్తు ఆగింది. నిషేధాన్ని తప్పించుకోవడానికి కొత్త ఖాతా తెరిచారని తేలితే, సరిదిద్దగల పరిమితి కాస్తా శాశ్వతంగా మూసివేతగా మారుతుంది.

రెండో మెయిల్ ఒక పేజీ. ఖాతా పేరు, పరిమితి విధించిన తేదీ, నోటీసులోని మాటలు ఉన్నవి ఉన్నట్టు మొదటే రాసింది. తర్వాత ఇలా ఉంది: "నా పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు ఖాతాలో భర్త ఇంటిపేరు ఉన్నాయి. ఇద్దరూ నేనే. వివాహ ధ్రువపత్రం, రెండు కాగితాల నకళ్లు జతచేస్తున్నాను. వీటిని యంత్రం కాక ఒక మనిషి చూడాలని కోరుతున్నాను. ఏ కాగితం సరిపోలేదో చెప్పండి. ఈ ఆదాయమే మా ఇంటికి ఆధారం కనుక, పూర్తయిన పనుల డబ్బు ఈలోగా విడుదల చేయండి." ఆదాయం మాట ఇందులోనూ ఉంది. అయితే అది వేడుకోలుగా లేదు, తొందరగా చూడవలసిన కారణంగా ఉంది.

తొమ్మిదో రోజున ఖాతా తెరుచుకుంది. ఆ తొమ్మిది రోజుల్లో ఇద్దరు పాత ఖాతాదారులు వేరొకరికి పని ఇచ్చేశారు. ఆ నష్టానికి జవాబుదారీ ఎవరూ లేరు.

జవాబే రాకపోతే? 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి మధ్యవర్తి సంస్థలు ఫిర్యాదుల అధికారి పేరు, చిరునామా తమ సైటులో ప్రకటించాలి. మెయిల్ ఆ అధికారికి పంపి, నకలు దాచుకోవాలి. ఆ అధికారి నిర్ణయంపై 30 రోజుల్లోగా అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు.

ఇంతకు మించి మన చట్టంలో బలం తక్కువే. 2020 సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ప్లాట్‌ఫారం కార్మికులన్న మాటను అది గుర్తించింది, సంక్షేమ పథకాల గురించి చెప్పింది. ఖాతా ఆపేముందు కారణం చెప్పి తీరాలని మాత్రం అనలేదు. కర్ణాటక 2025లో చేసిన చట్టం, కార్మికుణ్ణి తొలగించాలంటే రాతపూర్వక కారణం, 14 రోజుల ముందు నోటీసు ఉండాలంది. అదీ షెడ్యూలులోని సేవలకే. యూరప్ దేశాలు 2019లోనే, తమ దగ్గర వ్యాపారం చేసుకునేవారి ఖాతాపై పరిమితి పెడితే కారణాలు రాసివ్వాలనీ, ఫిర్యాదు ఉచితంగా వినాలనీ నిబంధన చేశాయి.

ఫ్యాక్టరీలో పనిలోంచి తీసేస్తే నోటీసు ఏదని అడగడం మనం నేర్చుకున్నాం. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్న స్త్రీని పనిలోంచి తీసేసినా అదే ప్రశ్న అడగాలి. కారణం రాసివ్వండి, మనిషి చేత విచారణ జరిపించండి, చేసిన పనికి డబ్బు ఆపకండి. మన సంఘాల దగ్గరికి ఇలాంటి స్త్రీలు వచ్చినప్పుడు మొదట ఆమె కాగితాల్లోని పేర్లన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆ తర్వాత మెయిల్ ఆమెతో కలిసి రాద్దాం.