దివిసీమ చవుడు నేలల అధ్యయనం: తుది నివేదిక గడువు పొడిగింపునకు వినతిపత్రం

విజయవాడ,
7 అక్టోబర్ 2024

గ్రాంట్ల విభాగం అధికారి గారికి,

విషయం: తుది నివేదిక గడువును 31 డిసెంబర్ 2024 నుంచి 31 జూలై 2025కు పొడిగించవలసిందిగా విన్నపం.

అయ్యా,

మీ ఆర్థిక సహాయంతో నాగాయలంక, కోడూరు మండలాల పొలాల్లో నేల ఉప్పుదనాన్ని కొలుస్తున్నాం. మే నెలలో 60 చోట్ల మట్టి సేకరించి, నీడన ఆరబెట్టి, సింగ్ నగర్‌లోని మా గదిలో భద్రపరిచాం. ఆగస్టు 31, సెప్టెంబర్ 1 నాటి వానలకు బుడమేరు కట్ట తెగి సింగ్ నగర్ రోజుల తరబడి నీట మునిగింది. కింది అంతస్తులోని మా గదిలో మట్టి సంచులు తడిసి ముద్దయ్యాయి, లవణాలను కొలిచే మీటరు పాడైంది. అప్పటికి 24 నమూనాల ఫలితాలే నమోదయ్యాయి. మిగిలిన 36 పోయాయి.

తడిసిన మట్టిని మళ్లీ ఆరబెట్టి కొలవవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మేం కొలిచేది నీటిలో కరిగే ఉప్పునే. వరద నీరు చేరగానే ఆ ఉప్పు కరిగిపోయింది, ఒక సంచిలోది మరో సంచిలోకి పాకింది. అలాంటి మట్టి ఏ అంకె చూపినా అది ఆ పొలానిది కాదు.

ఇప్పుడు పొలానికి వెళ్లి కొత్త మట్టి తెచ్చినా ప్రయోజనం లేదు. వరి మడిలో నిలిచిన నీరు ఉప్పును కిందికి దింపుతుంది. ఎండాకాలంలో పైమట్టి ఆరేకొద్దీ, లోతు తక్కువగా ఉన్న ఉప్పునీరు పైకి ఎగబాకి, నేల మీద తెల్లగా పేరుకుంటుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో, కాలువలకు నీరు వదలకముందే నమూనాలు తీయాలి. గడువు కోరడానికి అసలు కారణం ఇదే.

సవరించిన పని ప్రణాళిక:

అక్టోబర్–నవంబర్: కొత్త మీటరు, ప్రామాణిక ద్రావణంతో దాన్ని సరిచూడటం.
డిసెంబర్: వరి కోతల తర్వాత మట్టి, బోరునీటి నమూనాలు, 31లోగా మధ్యంతర నివేదిక.
ఏప్రిల్–మే 2025: నమూనాలు పోయిన 36 చోట్లా మళ్లీ సేకరణ. ఏడాదికీ ఏడాదికీ తేడా ఉంటుంది కనుక, ఫలితాలున్న 24లో 12 చోట్ల కూడా తిరిగి తీసి ఆ తేడాను లెక్కగడతాం.
జూన్: పరీక్షలు. ప్రతి నమూనాలో సగం వేరే ఊళ్లో, మేడ మీద గదిలో ఉంచుతాం.
జూలై 31: తుది నివేదిక.

మా విన్నపాలు:

1. పై గడువును మంజూరు చేయాలి.
2. అదనపు నిధులు అడగడం లేదు. ఖర్చు కాని మొత్తాన్ని మార్చి తర్వాత కూడా వాడుకోనివ్వాలి.
3. మీటరును ఇతర ఖర్చుల పద్దు నుంచి కొనేందుకు అనుమతించాలి.

డిసెంబర్‌లోనే ముగించమంటే 24 చోట్ల ఫలితాలతో నివేదిక ఇవ్వగలం. కానీ ఏ పొలానికి ఎంత మంచినీరు పెట్టి ఉప్పు కడగాలో రైతులకు చెప్పేందుకు అది సరిపోదు. దయచేసి ఈ నెలాఖరులోగా నిర్ణయం తెలియజేయగలరు.

ఇట్లు,
పరిశోధన బృందం తరఫున,
ప్రధాన పరిశోధకులు